అద్దెకు ఆగని అమావాస్య

మా కంపెనీ దృష్టిలో ఐరోపా అంతా ఒకటే ఊరు. కాబట్టి హైదరాబాదు నుంచి జ్యూరిచ్‌కు డెప్యుటేషన్‌పై వచ్చిన నాకు కూడా భత్యాన్ని యూరోల్లోనే, నెలకు 3,000గా ఖరారు చేశారు. ఇక్కడి అద్దె, కూరగాయలు, ఆరోగ్య బీమా స్విట్జర్లాండ్ కరెన్సీ అయిన ఫ్రాంకుల్లో ఉంటాయన్న సంగతిని అప్పట్లో నేనూ పట్టించుకోలేదు. యూరోను 1.20 ఫ్రాంకుల కంటే దిగనివ్వబోమని ఇక్కడి కేంద్ర బ్యాంకైన స్విస్ నేషనల్ బ్యాంకు 2011 సెప్టెంబరులో ప్రకటించి, మూడేళ్లకు పైగా ఆ మాట మీదే నిలబడింది మరి. 2015 జనవరి 15, గురువారం ఉదయం ఆ బ్యాంకు ఉన్నట్టుండి ఆ హామీని ఎత్తివేసింది. నేను టీ తాగి సీటుకు వచ్చేసరికి యూరో విలువ ఒక ఫ్రాంకు కంటే కిందికి పోయి ఉంది.

ఆ సాయంత్రమే యాజమాన్యానికి సవినయంగా ఒక విన్నపం రాశాను. యూరోకు సుమారు ఒక ఫ్రాంకు చొప్పున చూసినా, నిన్నటిదాకా 3,600 ఫ్రాంకులైన నా భత్యం ఇప్పుడు 3,000 అయింది. అందులో అద్దె 1,700. నష్టం ఆరో వంతు, అంటే 17 శాతం లోపే. అయితే పాత 3,600 ఫ్రాంకులు మళ్లీ చేతికి రావాలంటే 3,600 యూరోలు ఇవ్వాలి, అంటే 20 శాతం పెంచాలి. పోయింది పదిహేడైతే ఇరవై అడుగుతాడేమిటని హెచ్.ఆర్. వారు నా నిజాయితీని శంకించారు. భిన్నాల లెక్క ఐదో తరగతిలోనే చెబుతారని నేను రాయలేదు. వీసా పొడిగింపు కాగితాలు వారి దగ్గరే ఉన్నాయి.

సరిహద్దు దాటి జర్మనీలోని కాన్‌స్టాంజ్‌లో సరుకులు కొనుక్కోవచ్చు కదా, అక్కడ యూరో విలువ తగ్గలేదు కదా, అని వారు సలహా ఇచ్చారు. సలహా బంగారంలాంటిదే. అయితే ఇంటిని మాత్రం కాన్‌స్టాంజ్‌లో కొని సంచిలో వేసుకుని రాలేను, పైగా జ్యూరిచ్‌లో రైలు టికెట్టు ధర ఉండేది ఫ్రాంకుల్లోనే.

నేను కోరింది పెద్దదేమీ కాదు. భత్యంలో ఇక్కడ ఖర్చయ్యే భాగాన్ని ఫ్రాంకుల్లో నిర్ణయించి, ఇంటికి పంపుకునే మిగులును మాత్రం యూరోల్లోనే ఉంచమన్నాను. మారకపు రేటు పది శాతం దాటి కదిలితే ఆ నెలలోనే సమీక్ష జరపాలని కూడా చేర్చాను. ఫ్రాంకు పడిపోయి ఉంటే ఈ ఉత్తరం రాసేవాడినా అంటే, రాసేవాడిని కాను. ఆ మాటను విన్నపంలో చేర్చలేదు.

సమీక్షలు ఏటా ఏప్రిల్లోనే జరుగుతాయనీ, అదీ గడచిన పన్నెండు నెలల సగటు రేటు ప్రకారమేననీ జవాబు వచ్చింది. ఆ సగటులో తొమ్మిది నెలలకు పైగా పాత రేటే ఉంటుంది. అయ్య వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా అని మనవాళ్లు ఊరికే అనలేదు. మా ఇంటి ఓనరమ్మ ఒకటో తారీఖునే గుమ్మంలో నిలబడుతుంది, ఆవిడకు సగటులు తెలియవు.

రెండో విన్నపానికి కొంత కరుణించారు. పది శాతం నిబంధనను పరిశీలిస్తారట. ఫ్రాంకు పెరిగితే భత్యాన్ని వచ్చే ఏప్రిల్ నుంచి పెంచుతారు, తగ్గితే ఆ రోజు నుంచే కోస్తారు.