h కొట్టేసి సున్నా పెట్టేస్తే అవధి వచ్చేస్తుందా?

ఇంటర్‌లో అవధులు చెప్పే తీరు చూస్తే ఒళ్లు మండుతుంది. "పైనా కిందా h కొట్టేయ్, తర్వాత h చోట సున్నా పెట్టెయ్, మార్కులు వచ్చేస్తాయి." కాస్త ఆలోచించే అమ్మాయి వెంటనే అడుగుతుంది: "h సున్నా కాదు కాబట్టే కొట్టేశాం కదా సార్, మరి తర్వాతి లైన్లో సున్నా ఎలా పెట్టాం?" జవాబు: "రూల్ అంతే." అది తీసిపారేసే ప్రశ్న కాదు. 1734లో బర్క్‌లీ అనే బిషప్ న్యూటన్ పద్ధతి మీద ఇదే అభ్యంతరం లేవనెత్తాడు. దానికి గట్టి జవాబు 19వ శతాబ్దంలో గానీ కుదరలేదు.

పైనుంచి వదిలిన రాయి t సెకన్లలో సుమారు 4.9t² మీటర్లు పడుతుంది. సరిగ్గా 1 సెకను దగ్గర దాని వేగం ఎంత? 1 నుంచి 1+h సెకన్ల వరకు సగటు వేగం ఇది:

(4.9(1+h)² − 4.9) / h

h = 0 పెడితే 0/0. అసలు కాలమే గడవనప్పుడు సగటు వేగం ఎక్కడిది? కాబట్టి అక్కడ ఈ ప్రమేయం నిర్వచితం కాదు. గ్రాఫ్ గీస్తే సరళరేఖే వస్తుంది, h = 0 దగ్గర మాత్రం ఒక్క బిందువు ఖాళీ.

ఇప్పుడు ఆ ఖాళీకి ఇరుపక్కలా చూడండి. h = 0.1 అయితే 10.29, 0.01 అయితే 9.849. అటువైపు −0.1 అయితే 9.31, −0.01 అయితే 9.751. రెండు వైపుల నుంచీ 9.8కే చేరుతోంది. 9.8కి 0.01 తేడా లోపల ఉండాలని ఎవరైనా పట్టుబడితే, h సున్నా కాకుండా, దానికి 0.002 లోపు దూరంలో ఉంటే చాలు. ఇంకా దగ్గరగా అడిగినా అలాగే ఇవ్వగలం. అవధి 9.8 అంటే అర్థం ఇదే. నిర్వచనంలో ఆ దూరాన్ని δ అని పిలిచి 0 < |h| < δ అని రాస్తారు. ఆ మొదటి "0 <" ని చదివించకుండా దాటేస్తారు, అదే నా బాధ. h = 0 ని లెక్కలోంచి తీసేసేది అదే. ఆ ఖాళీలో ఎవరైనా 100 తెచ్చి పెట్టినా అవధి 9.8 నుంచి కదలదు.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. h కొట్టేశాక మిగిలిన 9.8 + 4.9h వేరే ప్రమేయం. దీనికి సున్నా దగ్గర కూడా విలువ ఉంది. మిగతా అన్నిచోట్లా రెండూ ఒకటే, అవధి సున్నా దగ్గరి విలువను చూడదు, కాబట్టి రెండింటి అవధీ ఒకటే. రెండోది అవిచ్ఛిన్నం, అంటే ఏ బిందువు దగ్గరైనా దాని అవధీ విలువా ఒకటే, గనక అందులో సున్నా పెట్టి అవధి తెలుసుకున్నాం. మొదటిదాంట్లో సున్నా ఎప్పుడూ పెట్టలేదు!

ఇది చెప్పకపోతే |h|/h దగ్గర దొరికిపోతారు. ఇక్కడా 0/0 వస్తుంది. కానీ కుడివైపు ఎప్పుడూ 1, ఎడమవైపు ఎప్పుడూ −1. ఎంత దగ్గరికెళ్లినా ఆ తేడా తగ్గదు, అవధి లేదు. కొట్టేయడం ఒక్కటే నేర్చుకున్న పిల్లలు ఇక్కడా h కొట్టేసి, 1 అని రాసి వచ్చేస్తారు.