అయిదు స్టార్ల ప్లంబరు, ఉప్పునీళ్ల కుళాయి

హైదరాబాద్ నుంచి భీమవరం వచ్చి అద్దింట్లో దిగిన మూడో రోజే బాత్రూం కుళాయి మొదట్లో నీళ్లు కారడం మొదలైంది. ఊళ్లో ఎవరూ తెలీదు, ఫోన్లో యాప్ ఉంది. గంటలో కుర్రాడొచ్చాడు. కుళాయి విప్పి, గోడలోకి ఉండే ఎక్స్‌టెన్షన్ నిపిల్ మార్చి, టెఫ్లాన్ టేపు చుట్టి బిగించి, కింద తడి తుడిచి మరీ వెళ్లాడు. అయిదు స్టార్లూ ఇచ్చాను. ఆ సాయంత్రానికి వంక పెట్టడానికి నిజంగానే ఏమీ లేదు.

అయిదో నెలలో ఆ గోడకు అవతల, బెడ్‌రూం వైపు, పెయింటు బుడగలు లేచింది. పక్కింటి పిన్నిగారు చూసి, "ఇనప నిపిల్ వేయించారా ఏంటి? ఉండండి, మా ప్లంబర్ని పంపుతాను" అన్నారు. ఆయన వచ్చి నిపిల్ ఊడదీస్తే మర చుట్లు సగం తినేసి ఉన్నాయి. పైన క్రోమ్ మెరుపు, లోపల ఇనుము. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి ఆనించాడు, టక్కున అంటుకుంది. "ఇది అంటుకుందంటే మన నీళ్లకి పనికిరాదండి, ఇత్తడిదే వెయ్యాలి" అన్నాడు. రెండింటికీ ధరలో తేడా మహా అయితే ఓ భోజనం ఖర్చు. గోడ పగలగొట్టి మళ్లీ టైలు అతికించడానికి అయింది మాత్రం వేలల్లో.

గోదావరి డెల్టాలో సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగానే ఉంటాయి. చేపలు, రొయ్యల చెరువులు దాన్ని ఇంకా పెంచాయి. అందుకే మా అపార్టుమెంటులో కాలవ నీళ్లకొక లైను, బోరుకొక లైను. వేసవిలో మరమ్మతులకని కాలవలు కట్టేశాక బోరు మీదే బతుకు. ఆ ఉప్పు పైపూత దాటి లోపలి ఇనుమును తింటుంది. గోడ లోపల కాబట్టి, బుడగలు లేచేదాకా మనకు తెలీదు.

యాప్ రేటింగుతో నా పేచీ ఇక్కడే. అది అబద్ధం చెప్పదు, తొందరపడి అడుగుతుంది, అంతే. కుర్రాడు వేళకొచ్చాడా, మర్యాదగా మాట్లాడాడా అన్నది ఆ రోజే తేలుతుంది. నిపిల్ ఇత్తడిదా ఇనుపదా అన్నది నెలలు పోతే గానీ తేలదు. ఏసీ సర్వీసు లాంటివాటికి నేను ఇప్పటికీ యాప్‌నే వాడతాను, గది చల్లబడిందో లేదో అరగంటలో తెలుస్తుంది కాబట్టి.

పోనీ ఇరుగుపొరుగు మాటైనా వేదమా అంటే, అదీ కాదు. "మంచోడేనండి" అన్నది మొహమాటం. ఆ మనిషి వాళ్ల చుట్టమో, పాత బాకీ ఉన్నవాడో అయ్యుండొచ్చు. వాచ్‌మన్ చెప్పే మనిషి దగ్గర వాచ్‌మన్‌కు వాటా ఉండొచ్చు, నాకేం అభ్యంతరం లేదు. నేనిప్పుడు మంచోడా అని అడగడం మానేశాను. మీ ఇంట్లో ఏం పని చేశాడు, ఎన్నాళ్లయింది, తర్వాత మళ్లీ పిలిచారా అని అడుగుతాను. ఒక వేసవి దాటాక రెండోసారి పిలిచారంటే, నా లెక్కలో అదే రేటింగు.

ఎలక్ట్రీషియన్ విషయంలో అంతకాలం ఆగక్కర్లేదు. సంపు మోటారు గుయ్యిమంటోంది గానీ తిరగడం లేదనుకోండి. తెలిసినవాడు ముందు మెయిన్ ఆపి, వెనక ఫ్యాను వైపు నుంచి షాఫ్టును చేత్తో తిప్పి చూస్తాడు. తిరక్కపోతే బేరింగో, తుప్పుకు ఇంపెల్లరో పట్టేసినట్టు. సులువుగా తిరిగితే మొదటి అనుమానం కెపాసిటర్ మీద, అది వందల్లో పోయే ఖర్చు. వైండింగ్ కాలితే సాధారణంగా మాడు వాసన వస్తుంది, మీటరు పెడితే రీడింగు తేడా చూపిస్తుంది. మూత విప్పకుండా, మీటరు తియ్యకుండా "వైండింగ్ పోయిందండి, షాపుకి పట్టుకెళ్తాను" అన్నవాడికి కాఫీ ఇచ్చి పంపెయ్యడం మంచిది.

పనిమనిషి సంగతికొస్తే, మా వీధిలో యాప్ పని చెయ్యలేదు. ఇక్కడ ఇళ్లల్లో పనికి పోటీ రొయ్యల షెడ్లు, నాట్లు, కోతలు. కూలి ఎక్కువొచ్చే రోజుల్లో ఆవిడ అటు వెళ్తుంది, ఎవరైనా వెళ్తారు. కాబట్టి నెలకెన్ని నాగాలు అని కాదు, రాలేని రోజు ముందే చెబుతుందా అని పిన్నిగారిని అడిగాను. ఆవిడ నవ్వి, "చెబుతుంది. మీ గురించీ అడిగిందిలెండి. జీతం ఏ తారీఖున ఇస్తారు, నాగా పెడితే కోస్తారా అని" అన్నారు.