డిలీట్ కొట్టినా డిస్క్ ఖాళీ కాదెందుకు?

మా బావ దిల్‌సుఖ్‌నగర్‌లో పెళ్లి ఫొటోలు తీస్తాడు. మొన్న ఫోన్ చేసి, "రేయ్, హార్డ్ డిస్క్ నిండిపోయిందంటోంది. తెరిచి చూస్తే నాలుగు పెళ్లిళ్లే ఉన్నాయి" అన్నాడు. అప్పటికే సికింద్రాబాద్‌లో ఒక రిపేర్ కొట్టుకు తీసుకెళ్లాడట. అక్కడ వైరస్ అన్నారు, ఫార్మాట్ కొట్టాల్సిందే అన్నారు, పనిలో పనిగా కొత్త డిస్క్ కూడా చూపించారు. వినగానే నాకు ఒళ్లు మండింది.

నా విండోస్ ల్యాప్‌టాప్‌కు పెట్టి చూశాం. అది 1 టీబీ డిస్క్, విండోస్ లెక్కలో 931 జీబీ. డ్రైవ్ ప్రాపర్టీస్‌లో వాడినది 880 అని ఉంది. లోపలి ఫోల్డర్లన్నీ సెలెక్ట్ చేసి చూస్తే 212 మాత్రమే! ఈ రెండో లెక్కలోకి దాచిన ఫోల్డర్లు రావు. మరి మిగతా 668 ఎక్కడున్నట్టు? కమాండ్ ప్రాంప్ట్ తెరిచాను. బావ డిస్క్ నా ల్యాప్‌టాప్‌లో E: డ్రైవ్.

```
dir E:\ /a
dir E:\.Trashes /s /a
```

మొదటిది దాచినవాటితో సహా పేర్లన్నీ చూపిస్తుంది. రెండోదాని చివర్లో మొత్తం బైట్లు వస్తాయి. దాదాపు 640 జీబీ ఒక్క `.Trashes` లోనే ఉంది. మిగతాది `$RECYCLE.BIN` లో.

బావ ఎడిటింగ్ చేసేది మ్యాక్‌లో. బయటి డిస్క్ మీది ఫైల్ అక్కడ డిలీట్ చేస్తే, అది అదే డిస్క్‌లో `.Trashes` కిందికి, యూజర్ నంబర్ ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్తుంది. బావది 501. విండోస్‌లో రీసైకిల్ బిన్ ఎన్నిసార్లు ఖాళీ చేసినా దాన్ని ముట్టుకోదు. చెత్త మనింట్లో, తాళంచెవి పక్కింట్లో!

"రోజూ ట్రాష్ ఖాళీ చేస్తాను కదరా" అన్నాడు బావ. చేస్తాడు, డిస్క్ పీకేశాక. డిస్క్ తగిలించి లేకపోతే దాని చెత్త మ్యాక్ ట్రాష్‌లో కనిపించదు. "డిలీట్ చేసినవి ఇంకా ఈ డిస్క్‌లోనే ఉన్నాయి" అని ఈజెక్ట్ చేసేటప్పుడు ఒక్క ముక్క చెప్పడానికి ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకు ఏం నొప్పి?

డ్రైవ్ పాత స్థితిని దాచిపెట్టుకునే స్నాప్‌షాట్లు కూడా ఇలాగే కనబడకుండా చోటు తింటాయి, కానీ వాటి సంగతి వేరు. ఈ డిస్క్ ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంది కాబట్టి వాటి గొడవ లేదు. ల్యాప్‌టాప్ లోపలి ఎన్టీఎఫ్ఎస్ డ్రైవ్‌లో సిస్టమ్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉంటే, పాత రిస్టోర్ పాయింట్లు `System Volume Information` లో పేరుకుంటాయి. అవెంత తింటున్నాయో అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో `vssadmin list shadowstorage` చెబుతుంది. ఆ ఫోల్డర్‌లో చెయ్యి పెట్టకుండా, సిస్టమ్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్‌లోనే పరిమితి తగ్గించండి.

బావ డిస్క్‌ను మళ్లీ మ్యాక్‌కు తగిలించి ట్రాష్ తెరిచాం. ఖాళీ చేసే ముందు ఒకసారి కిందిదాకా చూడమన్నాను. ఎప్పుడో పొరపాటున డిలీట్ చేసిన మా అత్తయ్యవాళ్ల షష్టిపూర్తి ఫొటోలు బయటపడ్డాయి. మెమరీ కార్డ్ పాడైందని ఇన్నాళ్లూ అత్తయ్యకు చెబుతూ వచ్చాడు మహానుభావుడు.