గంటన్నర రికార్డింగ్, ఒక్క లింకు!

గంటన్నర మీటింగ్ రికార్డింగ్ లింకు గ్రూపులో పడేసి "రానివాళ్లు చూసుకోండి" అంటే అయిపోయిందా? రాయదుర్గం మెట్రోలో ఒంటికాలి మీద నిలబడి, ఫోన్‌లో ఎక్కడని వెతకాలి?

కొందరు చాప్టర్లు పెడతారు, పాపం. "41:20 చర్చ". దేని మీద చర్చ బాబూ? "41:20 సర్వర్ మార్పు: శనివారం రాత్రికి వాయిదా, టెస్టింగ్ టీమ్ శుక్రవారంలోగా ఓకే చెప్పాలి" అని రాయడానికి ఎంతసేపు? ఏం తేలింది, ఎవరు చేయాలి, ఎప్పటికి. ఏమీ తేలకపోతే తేలలేదనే రాయండి, అదీ కబురే.

గుర్తు పెట్టే చోటు కూడా తప్పే. "సరే, అలాగే చేద్దాం" దగ్గర తెరుచుకుంటే ఏం చేద్దామో ఎవరికి తెలుస్తుంది? ప్రశ్న మొదలైన చోట పెట్టాలి.

అన్నిటికన్నా ఘోరం ఇంకోటి. టైములన్నీ రాసేశాక, "వినపడుతోందా, స్క్రీన్ కనపడుతోందా" అన్న మొదటి ఆరు నిమిషాలు కత్తిరిస్తారు. ఇక 41:20 నొక్కితే వచ్చేది లీవుల గోల! సర్వర్ ముచ్చట 35:20కి జరిగిపోయింది మరి. ముందు కత్తిరించి, తర్వాత టైములు రాయండి మహాప్రభో!

ఇప్పటికే చేసేశారా? రెండో చాప్టరు, చివరి చాప్టరు నొక్కి చూడండి. రెండూ ఆరు నిమిషాలే తేడా వస్తే 0:00 తప్ప అన్నిట్లోంచి ఆరు తీసేస్తే సరి. చివరిది ఇంకా ఎక్కువ తప్పిందా? మధ్యలో చాయ్ బ్రేక్ కూడా లేపేశారన్నమాట. అక్కడి నుంచి లెక్క మళ్లీ మొదలు.