తప్పు అడుగుది కాదు, లంబానిది

ఆప్టిమైజేషన్ పాఠంలో ఒక బొమ్మ తప్పకుండా ఉంటుంది. సన్నని దీర్ఘవృత్తాల మధ్య ఒక గీత అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ కిందికి పోతుంది. పక్కనే రెండు గీతల్లో పని ముగించిన ఇంకో బొమ్మ. మొదటిది స్టీపెస్ట్ డిసెంట్, రెండోది కాంజుగేట్ డైరెక్షన్స్, తెలుగులో సంయుగ్మ దిశలు. రెండోది ఎందుకు గెలిచిందో చెప్పకుండానే చాలా పాఠాలు సూత్రంలోకి దూకేస్తాయి. కొత్త దిశలో పాత దిశను ఎంత వంతు కలపాలో చెప్పే β సూత్రాన్ని విద్యార్థి బట్టీపట్టి పరీక్ష గట్టెక్కుతాడు. నా ఫిర్యాదు అక్కడే.

ముందు స్టీపెస్ట్ డిసెంట్‌ని చేతితో లెక్క వేసి చూద్దాం. f = ½(x² + 9y²) తీసుకుందాం. కనిష్ఠం (0, 0) దగ్గర ఉందని చూడగానే తెలుస్తుంది. (9, 1) నుంచి బయల్దేరితే f విలువ 45, గ్రేడియంట్ (x, 9y) కాబట్టి (9, 9). దానికి ఎదురు దిశలో సరిగ్గా ఎంత దూరం పోతే f అన్నిటికన్నా తగ్గుతుందో లెక్కిస్తే అడుగు గ్రేడియంట్‌లో 0.2 వంతు వస్తుంది. చేరేది (7.2, −0.8). మళ్లీ అదే పద్ధతిలో కదిలితే (5.76, 0.64). ప్రతి అడుగుకీ రెండు అంకెలూ 0.8 వంతుకు తగ్గుతున్నాయి, y మాత్రం గుర్తు మార్చుకుంటోంది. పది అడుగులయ్యాక కూడా x ఇంకా 0.97 దగ్గరే ఉంటుంది. (9, 0) నుంచి మొదలుపెట్టి ఉంటే ఇదే పద్ధతి ఒక్క అడుగులో చేరేది. మనం కావాలనే దానికి అతి కష్టమైన చోటు నుంచి బయల్దేరాం.

అడుగు పొడవులో తప్పేమీ లేదు. ప్రతిసారీ ఆ దిశలో దొరికే అత్యుత్తమ అడుగే వేశాం. ఒక దిశలో అట్టడుగుకు చేరాక అక్కడి గ్రేడియంట్ ఆ దిశకు లంబంగా ఉంటుంది, అంటే ఆ దిశలో ఇక చేయాల్సిన పని లేదు. కానీ మరుసటి అడుగు వేయగానే గ్రేడియంట్ మారిపోతుంది, ముగిసిందనుకున్న దిశలో మళ్లీ పని పుడుతుంది. మూడో అడుగు మొదటి అడుగు దిశలోనే పడటానికి కారణం ఇదే. ఒక చేత్తో కుట్టి ఇంకో చేత్తో విప్పినట్టు.

కాబట్టి రెండో దిశను ఎంచుకునేటప్పుడు అడగాల్సింది ఒకటే: ఇటు కదిలినప్పుడు గ్రేడియంట్‌లో వచ్చే మార్పు కూడా మొదటి దిశకు లంబంగా ఉంటుందా? d దిశలో కదిలితే ఆ మార్పు A·d కి అనుపాతంలో ఉంటుంది. ఇక్కడ A అంటే 1, 9 వికర్ణంగా ఉన్న మాత్రిక. అంటే మనకు కావాల్సింది d₀ᵀAd₁ = 0. సంయుగ్మం అంటే ఇంతే. y అక్షాన్ని మూడు రెట్లు సాగదీస్తే దీర్ఘవృత్తాలు వృత్తాలైపోతాయి, ఈ రెండు దిశలూ మామూలు లంబ దిశలే అవుతాయి. మనం లంబాన్ని తప్పు కొలబద్దతో కొలిచాం, అంతే.

ఇప్పుడు (7.2, −0.8) దగ్గరికి వద్దాం. గ్రేడియంట్ (7.2, −7.2). దాని పొడవు వర్గాన్ని పాత గ్రేడియంట్ పొడవు వర్గంతో భాగిస్తే β = 0.64. కొత్త దిశ: గ్రేడియంట్‌కి ఎదురు దిశ (−7.2, 7.2), దానికి పాత దిశ (−9, −9)లో 0.64 వంతు కలిపితే (−12.96, 1.44). సరిచూద్దాం: (−9)(−12.96) + 9(−9)(1.44) = 116.64 − 116.64 = 0. ఆ దిశలో 5/9 వంతు నడిస్తే నేరుగా (0, 0). హెస్టెనిస్, స్టీఫెల్ 1952లో ప్రచురించిన పద్ధతి ఇదే. వాళ్ల గురి రెండు చరరాశుల మీద కాదు, పెద్ద సమీకరణ వ్యవస్థల మీద. రెండే ఉంటే 2×2 సమీకరణాలు చేతితోనే సాధించుకోవచ్చు, ఇంత హంగామా అక్కర్లేదు.

మొదటి అడుగు కాస్త పొట్టిదైతే? 0.2 బదులు 0.15 వేశామనుకోండి, (7.65, −0.35) దగ్గర ఆగుతాం. అక్కడి నుంచి సరైన సంయుగ్మ దిశ (−9, 1)లో నడిస్తే (0.45, 0.45) చేరతాం. మొదటి దిశలో వదిలేసిన 0.05 వంతు బాకీ చెక్కుచెదరకుండా అక్కడే ఉంది. రెండో అడుగు దాన్ని పెంచలేదు, తగ్గించలేదు. కానీ అదే చోట β సూత్రాన్ని గుడ్డిగా వాడితే దిశ (−11.45, −0.65) వస్తుంది. y అప్పటికే రుణాత్మకం, ఈ దిశ దాన్ని ఇంకా కిందికి లాగుతుంది. ఆ సూత్రం మొదటి అడుగు కచ్చితంగా పడిందని నమ్మి పుట్టింది. అలా పడిందో లేదో తెలుసుకోవడానికి కొత్త గ్రేడియంట్‌నూ పాత దిశనూ గుణించి చూస్తే చాలు. సున్నా రావాల్సిన చోట ఇక్కడ −40.5 వస్తుంది.

f వర్గ ప్రమేయం కాకపోతే A ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, మొదటి దిశలో ముగించిన పని ముగిసినట్టే ఉంటుందన్న హామీ పోతుంది. అందుకే ఫ్లెచర్, రీవ్స్ 1964లో ఈ పద్ధతిని మామూలు ప్రమేయాలకు తెచ్చినప్పటికీ, ఆచరణలో కొన్ని అడుగులకోసారి పాత దిశను పక్కనపెట్టి మళ్లీ గ్రేడియంట్‌తోనే మొదలుపెడతారు.