పోయిన జీమెయిల్ కోసం ఎన్నాళ్లు తలుపు తట్టాలి?

తాడిపత్రి దగ్గర చీనీ తోట ఉన్న మా మామ ఫోన్ పోయిన వేసవిలో నీళ్ల సంపులో పడింది. సిమ్ బతికింది, ఫోన్ బతకలేదు. కొత్త ఫోన్ కొని ఆన్ చేస్తే జీమెయిల్ పాస్‌వర్డ్ అడిగింది. ఆ పాస్‌వర్డ్ ఏంటో మామకు ఏనాడూ తెలియదు. 2016లో అనంతపురంలో మొదటి స్మార్ట్‌ఫోన్ కొన్నప్పుడు షాపులోని కుర్రాడే అకౌంట్ తెరిచి, ఫోన్ చేతికిచ్చి పంపాడు. మన జిల్లాల్లో ఇలా పుట్టిన అకౌంట్లు ఎన్నో ఉంటాయి. వాటికి యజమాని ఒకరు, తాళం చెవి మరొకరిది.

అకౌంట్ పోయిందని తెలిశాక ఇంట్లోవాళ్లు చేసే తప్పులు రెండు. రెండు రోజులు తంటాలు పడి వదిలేయడం ఒకటి, నెలల తరబడి వదలకపోవడం ఇంకొకటి. నా లెక్కలో రెండోదే ఎక్కువ నష్టం. అయితే వదిలేయడానికి ముందు ఒక్కటి తేల్చుకోవాలి. ఆ అకౌంట్ మనదేనని గూగుల్‌కు చూపించే ఆధారం మన చేతిలో ఏమైనా మిగిలిందా, లేదా?

ఆ ఆధారాలు ముఖ్యంగా మూడు. అకౌంట్‌కు ఇచ్చిన రికవరీ ఫోన్ నంబరు, రికవరీ ఈమెయిల్, ఇదివరకు లాగిన్ అయిన ఏదో ఒక ఫోనో కంప్యూటరో. మామ విషయంలో రికవరీ ఈమెయిల్ అసలు పెట్టలేదు. రికవరీ నంబరు 2019లో ఆయన రీచార్జ్ మానేసిన పాత సిమ్‌ది. వాడకుండా వదిలేసిన నంబరును కంపెనీలు కనీసం 90 రోజులు పక్కన పెట్టి, తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తాయి. ఆ నంబరుకు ఫోన్ చేస్తే కర్నూలు వైపు నుంచి ఒకామె ఎత్తింది. మామ ఉన్న సంగతి చెప్పి, ఒక కోడ్ వస్తుంది చెప్పమ్మా అన్నాడు. "ఓటీపీ అయితే చెప్పేది లేదన్నా, ఏమనుకోవద్దు" అని పెట్టేసింది. మామకు కోపం వచ్చింది కానీ ఆమె చేసిందే సరి. మోసగాళ్లు అడిగేది కూడా సరిగ్గా అదే మాట.

ఈలోగా బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది రంగంలోకి దిగాడు. ఒకే రాత్రి తన ల్యాప్‌టాప్ నుంచి పది పన్నెండు సార్లు రికవరీ ప్రయత్నించాడు. అకౌంట్ ఎప్పుడూ చూడని ఊరు, ఎప్పుడూ చూడని మెషిన్, నోటికొచ్చిన పాస్‌వర్డ్‌లు. గూగుల్ కంటికి అది దొంగ పని లాగే కనిపిస్తుంది. చివరికి ప్రయత్నాలు ఎక్కువయ్యాయి, తర్వాత రండి అని తలుపేసింది. ఇలాంటి మాటకు అర్థం అకౌంట్ పోయిందని కాదు. కొన్ని రోజులు ఆగమని మాత్రమే. "Couldn't find your Google Account" అని వస్తే మాత్రం ముందు అడ్రస్ స్పెల్లింగ్ సరిచూసుకోవాలి. సరిగ్గానే ఉంటే అకౌంట్ డిలీట్ అయ్యుండొచ్చు. రెండేళ్లు వాడకపోతే గూగుల్ తీసేయగలదు. ఈ రెంటికీ మధ్యలో, ఈ అకౌంట్ మీదేనని నిర్ధారించలేకపోయాం అనే జవాబు ఒకటుంది. జనం తికమకపడేది దీని దగ్గరే. అది ఆ ఒక్క ప్రయత్నానికి వచ్చిన తీర్పు. మెరుగైన ఆధారంతో మళ్లీ అడిగితే ఫలితం మారొచ్చు. అదే ఆధారంతో వందసార్లు అడిగినా మారదు.

మెరుగైన ఆధారం మాకు బీరువాలో దొరికింది. 2020లో పాప ఆన్‌లైన్ క్లాసులకు కొన్న ట్యాబ్. అందులో మామ జీమెయిలే ఉంది, కానీ మళ్లీ పాస్‌వర్డ్ కొట్టమంటోంది. ఇక్కడ ఒక జాగ్రత్త. ఇలాంటి పాత ఫోనునో ట్యాబ్‌నో రీసెట్ చేయకూడదు, అందులోంచి అకౌంట్ తీసేయకూడదు. లాగిన్ తెగినా, చివరిసారి సింక్ అయిన ఫోన్ నంబర్లు అందులో ఇంకా ఉండొచ్చు. మేం ముందు కాంటాక్ట్స్ యాప్‌లో ఎగుమతి నొక్కి .vcf ఫైల్ తీసుకున్నాం. నాలుగు వందల పైచిలుకు పేర్లు వచ్చాయి. ఆ తర్వాతే రికవరీ మొదలుపెట్టాం. మామ ఇంట్లోనే కూర్చుని, ఆ ట్యాబ్ నుంచే, నాలుగైదు రోజుల ఎడంతో మూడుసార్లు. పాత పాస్‌వర్డ్ లీలగా గుర్తున్నా కొట్టమంటారు కాబట్టి షాపువాళ్లు సాధారణంగా పెట్టే రకం, అంటే పేరూ నంబరూ కలిపినవి, ప్రయత్నించాం. మూడుసార్లూ చివరికి ఆ కర్నూలు నంబరుకే కోడ్ పంపుతానంది. వేరే దారి చూపమంటే నిర్ధారించలేకపోయాం అంది. అక్కడితో ఆపేశాం. ఇంక కొత్తగా చూపించడానికి ఏమీ లేదు. రెండు వేలిస్తే తెరిపిస్తామనే వాళ్లు దొరుకుతారు గానీ, ఈ రికవరీ ఫారం దాటి ఇంకో దొడ్డిదారి వాళ్ల దగ్గరా ఉండదు.

ఆపేశాక పాత అకౌంట్‌ను మరిచిపోతే సరిపోదు. దాని రికవరీ నంబరు వేరేవాళ్ల చేతిలో ఉందని గుర్తుపెట్టుకోవాలి. ఈసారి ఆ నంబరు ఉన్నామె మంచిది కాబట్టి సరిపోయింది. అందుకే పాత ఈమెయిల్ ఎక్కడెక్కడ ఇచ్చామో అక్కడ మార్చడం సౌకర్యం కోసం చేసే పని కాదు, భద్రత కోసం చేసేది.

కొత్త అకౌంట్ ఈసారి మామ చేతే, ఆయన ఇప్పటి నంబరుతోనే తెరిపించాం. పాత అడ్రస్‌లో ఒక చుక్క చేర్చి తీసుకుందామని బావమరిది అన్నాడు. జీమెయిల్ చుక్కలను లెక్కలోకి తీసుకోదు, కాబట్టి అది పాత అడ్రస్ కిందే లెక్క. కొంచెం తేడాతో ఉన్న పేరు తీసుకున్నా జనం పాతదానికే పంపుతారు. పూర్తిగా వేరే పేరు పెట్టాం. రికవరీ ఈమెయిల్‌గా కూతురిది ఇచ్చాం. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, అది ఇచ్చే పది బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి పట్టాదారు పాసుపుస్తకంలో పెట్టాం. ఆయన ఎప్పటికీ పారేసుకోనిది అదొక్కటే.

మెయిల్‌బాక్స్ చేతిలో లేనప్పుడు ఏ సర్వీసులు దానికి ముడిపడి ఉన్నాయో ఎలా తెలుస్తుంది? మాకు బ్యాంకు పాసుబుక్కే దారి చూపింది. ఏడాది ఎంట్రీలు వేయించి కట్ అయిన డబ్బులు ఒక్కొక్కటీ చూశాం. ఇన్సూరెన్స్ ప్రీమియం, మ్యూచువల్ ఫండ్ సిప్, డిష్ రీచార్జ్. ముందు బ్యాంకు బ్రాంచికి వెళ్లి ఈమెయిల్ మార్పు ఫారం ఇచ్చాం. తర్వాత ఇన్సూరెన్స్, ఫండ్, ఆదాయపు పన్ను పోర్టల్. యూపీఐ మామూలుగానే పనిచేసింది. అది సిమ్ మీద, బ్యాంకులో ఉన్న నంబరు మీద నడుస్తుంది. జీమెయిల్‌తోనే లాగిన్ అయ్యే యాప్‌లు రెండుంటే వాటిని వదులుకుని కొత్తగా మొదలుపెట్టాడు.

వాట్సాప్ మరో కథ. నంబరు అదే కాబట్టి అకౌంట్ వచ్చేసింది, గ్రూపులూ వచ్చాయి. కానీ పాత మెసేజ్‌ల బ్యాకప్ పోయిన జీమెయిల్ డ్రైవ్‌లో ఉండిపోయింది. ట్యాబ్‌లో దొరికిన పేర్లు 2021 దాకా మాత్రమే. ఆ తర్వాత పరిచయమైన కమిషన్ ఏజెంట్లను చీనీ మార్కెట్ గ్రూపులో వెతికి, నంబరు పక్కన కనిపించే పేరును బట్టి పోల్చుకుని మళ్లీ సేవ్ చేసుకున్నాడు. కొత్త అడ్రస్ గురించి అందరికీ ఒక చిన్న మెసేజ్ పెట్టించాం. లింకులేవీ లేకుండా, పాత మెయిల్ నుంచి ఎవరైనా డబ్బడిగితే నమ్మవద్దు, నాకు ఫోన్ చేయండి అని.

ఫోటోలు మాత్రం రాలేదు. అత్త ఇంకా ఆ మాట ఎత్తుతూనే ఉంటుంది.

నెల తర్వాత ఆ కర్నూలు ఆమే మామకు ఫోన్ చేసింది. "అన్నా, నీ గూగుల్ కోడ్ మళ్లా వచ్చింది, రాత్రి మూడుసార్లు." మామ భయపడి నాకు చెప్పాడు. విచారిస్తే, ఎవరో దొంగ కాదు. బెంగళూరులో మా బావమరిది ఇంకా వదల్లేదు.