దీర్ఘం లేని కారం

గుంటూరులో పుట్టి, మిర్చి యార్డు ఘాటుకి తుమ్ముతూ పెరిగి, పంతొమ్మిదేళ్ళుగా కిరాణా కొట్టు నడుపుతున్నవాడు కారం ప్యాకెట్టు దగ్గర మోసపోయాడంటే ఎవరైనా నమ్ముతారా? మా వీధి మొత్తం నమ్మింది. నిన్న సాయంత్రం నుంచీ నమ్ముతూనే ఉంది.

ఎదురింటి పిన్నిగారు రెండు వంద గ్రాముల ప్యాకెట్లు బల్ల మీద పెట్టారు. ఒకటి నా దగ్గర కొన్నది, ఇంకోటి బజారులో కొన్నది. "ఒకదాంతో చేతులు ఎర్రగా అయిపోతున్నాయి నాయనా, సబ్బుతో కడిగినా పోవట్లేదు. ఏదో నకిలీ ఉన్నట్టుంది, చూడు" అన్నారు. అప్పటికే కొట్టు ముందు నలుగురున్నారు. నలుగురున్నప్పుడే నాకు తెలివి పొంగుతుంది. కళ్ళజోడు పెట్టుకుని, ప్యాకెట్లు చెరో చేతిలో పట్టుకుని, ట్యూబ్‌లైటు కిందికి వెళ్ళాను.

అదే ఎరుపు, అదే పసుపు అంచు, అదే బోర్లించిన మిరపకాయల గుత్తి. కాయలు లెక్కపెట్టాను. రెండింట్లోనూ ఏడే. ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క కూడా రెండింటికీ ఉంది. పేరు చదివాను. మళ్ళీ చదివాను. బ్రాండు పేరు ఇక్కడ చెప్పను గానీ, దాని మొదటి అక్షరానికి దీర్ఘం ఉంటుంది. ఒక ప్యాకెట్టు మీద ఉంది. రెండోదాని మీద లేదు. లేదని కనిపెట్టడానికి ఎందుకంత సేపు పట్టిందంటే, దీర్ఘం ఉండాల్సిన చోటికి సరిగ్గా ఒక మిరపకాయ తొడిమ వంకర తిరిగి వచ్చి కూర్చుంది. కన్ను దాన్నే దీర్ఘంగా చదివేసుకుంటుంది. ఆ బొమ్మ వేసినవాడికి దండం పెట్టాలి. చిన్నప్పుడు మా తెలుగు మేష్టారు దీర్ఘాలు మింగేస్తావేంరా అని నా చెవి మెలేసేవారు. ఆ మెలిపెట్టినవన్నీ ఈ కారం కంపెనీవాడికి పెట్టి ఉంటే ఎంత బాగుండేది.

దొరికింది కదా అని ఆగొచ్చు. ఆగలేదు. వెనక్కి తిప్పి లైసెన్సు నంబరు లెక్కపెట్టడం మొదలెట్టాను, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరుకి 14 అంకెలుండాలి మరి. ఎనిమిది దాకా వచ్చేసరికి ఒకాయన "పావుకిలో శనగపప్పు" అన్నాడు. మళ్ళీ ఒకటి నుంచి. పదకొండు దగ్గర "చిల్లర రూపాయలున్నాయా?" మూడోసారికి తేలింది: దీర్ఘం లేనిదానికి 13 అంకెలే. అసలుదాని మీద బ్యాచ్ నంబరూ తేదీ చుక్కచుక్కలుగా విడిగా కొట్టి ఉన్నాయి, గోరుతో గీరితే కొంచెం రాలాయి. దీని మీద తేదీ కూడా కాయలతో పాటే అచ్చయిపోయింది. అంటే ఏ రోజు తయారైనా అదే పుట్టినరోజు.

ఇక నీళ్ళ పరీక్ష. రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి, పైన చిటికెడు చొప్పున చల్లాను. మిరపకాయ రంగు నూనెలో దిగుతుంది గానీ నీళ్ళలో కరగదు. ఒక గ్లాసులో పొడి పైన తేలుతూ మెల్లగా నానింది. రెండోదాంట్లో చల్లీచల్లగానే ఎర్రటి చారలు కిందికి దిగాయి, పారాణి కలిపినట్టు. నూనెలో కరిగే రంగు కలిపి ఉంటే ఈ పరీక్షకీ దొరికేది కాదు, ల్యాబ్‌కి పంపాల్సిందే. మనవాడు అంత ఖర్చు కూడా పెట్టలేదు.

"చూశారా!" అంటూ నకిలీ ప్యాకెట్టు గాల్లోకి ఎత్తాను. "అందుకే ఎక్కడపడితే అక్కడ కొనకూడదు. తెలిసిన కొట్లో..."

"అది నీ కొట్లోదే నాయనా" అన్నారు పిన్నిగారు. "కింద నువ్వు పెన్నుతో రాసిన రేటు ఉంది చూడు."

ఉంది. నా దస్తూరీయే. అందులోని నాలుగు నాకు తప్ప ఎవరికీ రాదు.

శనగపప్పాయన దగ్గాడు. కారం ఘాటుకి కాదు.

ఆ సరుకు వేసిన లైను కుర్రాడికి ఫోన్ చేశాను. స్విచాఫ్. డజనుకి రెండు ఫ్రీ అన్నప్పుడు నాకు అనుమానం రాలేదు. బిల్లు అడిగితే తెల్ల చీటీ మీద రాసిచ్చి "జీఎస్టీ బిల్లు రేపు తెస్తానన్నా" అన్నప్పుడూ రాలేదు. అసలు కంపెనీ నంబరుకి చేస్తే పావుగంట పాట వినిపించి, మీరు మాకు ఎంతో ముఖ్యం అని చెప్పి కట్ చేశారు.

పిన్నిగారికి డబ్బులు తిరిగిచ్చి, మిగిలిన ప్యాకెట్లన్నీ అట్టపెట్టెలో వేయమని కొట్లో కుర్రాడికి చెప్పాను. వాడు లెక్కపెట్టి, "మూడు తక్కువున్నాయన్నా" అన్నాడు.

"ఎవరికి అమ్మావురా?"

"అమ్మలేదన్నా. దోసావకాయకని వదిన మొన్న ఇంటికి పట్టుకెళ్ళింది."

మధ్యాహ్నం ఆ దోసావకాయే రెండోసారి వడ్డించుకుని, "రంగంటే ఇదీ" అన్నాను.